బడి సంచి మీద ఎవరి పేరు?

పల్నాడు జిల్లాలో ఒక ఊరు. మాదిగపల్లెలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే కేంద్రాన్ని ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది. మా పరిశోధన పని మీద అక్కడికి వెళ్లిన రెండో రోజు, ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి బ్యాగు మా కంట పడింది. బ్యాగు కొత్తదే, గట్టిదే. కానీ దాని ముందు భాగంలో పాత జాకెట్ గుడ్డ ముక్క ఒకటి నీట్‌గా కుట్టి ఉంది. చిరిగిందేమో అనుకున్నాం. వాళ్లమ్మని అడిగితే నవ్వింది.

"చినగలేదు మేడం. దాని మీద ఏందో రాసుంది. బళ్లో పిల్లలు దీన్ని ధర్మం సంచి అంటున్నారంట. గవర్నమెంటు బ్యాగు జిప్పు పోయిందని ఇది ఇచ్చి పంపితే, మొయ్యనని ఏడ్చింది. అందుకే కుట్టేశా."

గుడ్డ కింద ఉన్నది సంస్థ లోగో, డబ్బిచ్చిన కంపెనీ పేరు, మధ్యలో నిరుపేద బాలల చదువుకు కానుక అనే అర్థం వచ్చే ఒక ఇంగ్లీషు వాక్యం. ఆ తర్వాత హైదరాబాదులో సంస్థ ఆఫీసుకు వెళ్లినప్పుడు వాళ్ల వార్షిక నివేదిక చేతికిచ్చారు. లోపలి పేజీలో అవే బ్యాగులు వీపులకు తగిలించుకున్న పిల్లలు వరుసగా, కెమెరాకు వీపు తిప్పి నిలబడి ఉన్నారు. లోగోలన్నీ ఒకే ఎత్తులో కనపడాలని అలా నిలబెట్టారట. అక్కడి కమ్యూనికేషన్స్ ఆఫీసరు ఆ ఫోటోను చూపించి, ఆ ఏడాది తమ బ్రాండుకు బాగా పనికొచ్చింది అదేనని చెప్పారు. ఆయన అబద్ధం చెప్పలేదు. కంపెనీ మరుసటి ఏడాదికి కూడా నిధులిచ్చింది.

ఒకే బ్యాగు. ఒకచోట నమ్మకం తెచ్చింది, ఇంకోచోట అవమానం తెచ్చింది. పిల్లల చదువు మీద పనిచేసే సంస్థల బ్రాండు గురించి మాట్లాడాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని మాకనిపించింది. బ్రాండు అంటే సబ్బులు అమ్మేవాళ్ల గొడవ, ఉద్యమాలకు దానితో ఏం పని అని మన మిత్రులు చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్లం. కానీ ఒక సంస్థ తన గురించి తాను ఏం చెప్పుకుంటుందో, ఎవరి ఫోటో పెడుతుందో, బోర్డు మీద ఏం రాస్తుందో అన్నీ కలిపితే ఆ సంస్థ బ్రాండు. అందులో కనపడే ముఖాలు, మన రాష్ట్రాల్లో అయితే, ఎక్కువగా మన వాడల పిల్లలవి.

సబ్బు విషయంలో డబ్బిచ్చేవాడు, వాడేవాడు ఒకరే. నచ్చకపోతే మళ్లీ కొనడు, కంపెనీకి అర్థమవుతుంది. ఇక్కడ డబ్బిచ్చేది ఒకరు, కేంద్రానికి వచ్చేది మరొకరు. దాతకు నచ్చకపోతే మరుసటి నెలకల్లా సంస్థకు తెలిసిపోతుంది. తల్లికి నచ్చకపోతే? ఆమె గుడ్డ ముక్క కుడుతుంది. ఆ కుట్టు ఏ నివేదికలోకీ ఎక్కదు. అందుకే ఎవరూ పనిగట్టుకుని చెడ్డ ఉద్దేశంతో చేయకపోయినా సంస్థ మాట మెల్లగా దాత వైపుకు ఒరిగిపోతుంది. ఇదివరకు ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురుపడేవి కావు. ఇంగ్లీషు బ్రోచరు హైదరాబాదులోనో న్యూజెర్సీలోనో ఉండేది, వాడకు వచ్చేది కాదు. ఇప్పుడు సంస్థ పెట్టిన పోస్టు సాయంత్రానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంటోంది. అందులో పక్కవీధి వాళ్లూ ఉంటారు, బడి పంతుళ్లూ ఉంటారు, ఆ పిల్ల క్లాసుమేట్లూ ఉంటారు.

దాతకు జాలి కథలే ఎందుకు చెబుతారో ఊరికే తిట్టి వదిలేయకుండా చూడాలి. అది పనిచేస్తుంది కాబట్టి చెబుతారు. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. ఒక సర్వేలో పాల్గొన్నవాళ్లకు ఐదు డాలర్లు ఇచ్చి, అందులోంచి ఆఫ్రికాలో ఆకలితో ఉన్నవాళ్ల కోసం ఎంతిస్తారని అడిగారు. కొందరికి లక్షల మంది ఆకలి గురించిన అంకెలు చూపించారు. వాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. మరికొందరికి మాలి దేశపు ఏడేళ్ల పాప రోకియా ఫోటో, ఆమె కథ చూపించారు. వాళ్లు 2.38 డాలర్లు ఇచ్చారు. పాప కథతో పాటు అంకెలు కూడా చూపిస్తే మొత్తం పెరగలేదు, 1.43కి పడిపోయింది. ఇలా ఒక్క ముఖం చూసి కరిగిపోతాం, అంకెలు చూస్తే కరగం అని ముందే వివరించి చెప్పిన వాళ్లు పాపకు ఇచ్చేది తగ్గించారు తప్ప అంకెలకు ఇచ్చేది పెంచలేదు. అంటే దాతలకు పాఠం చెప్పి మార్చేద్దాం అన్న ఆశ కూడా అంత తేలిగ్గా నిలబడదు.

నిధులు సేకరించేవాళ్లు ఈ అధ్యయనం నుంచి ఒక్క వాక్యమే నేర్చుకున్నారు: ఒక పిల్లను చూపించు, కారణాలు చెప్పకు. కానీ ఆ ప్రయోగంలో అడగని ప్రశ్న ఒకటుంది. ఆ ఫోటోలో ఉన్న పిల్ల, ఆమె తల్లి దాన్ని చదివితే ఏమవుతుంది? ఆ పరిశోధకులకు అది అవసరం లేదు. వాడలో కేంద్రం నడిపే సంస్థకు మాత్రం అదే సగం పని. ఎందుకంటే ఆ పిల్ల రేపు సాయంత్రం మళ్లీ కేంద్రానికి రావాలి.

ఇక్కడ మన దేశానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. దాతల కోసం రాసే కాగితాల్లో కులం అన్న మాట దాదాపుగా ఉండదు. 'అండర్‌ప్రివిలేజ్డ్' ఉంటుంది, 'ఫస్ట్ జనరేషన్ లెర్నర్' ఉంటుంది, 'నిరుపేద' ఉంటుంది. మొదటితరం చదువరి అనే మాటే తీసుకోండి. ఆ ముందు తరాలను బడిలోకి రానివ్వనివాళ్లు ఎవరో అందులో ఎక్కడా వినపడదు. ఏదో ఇంటి వ్యవహారంలా, తాతముత్తాతలకు చదువు మీద ఆసక్తి లేనట్టు వినపడుతుంది. కారణం మాయమైన చోట జాలి వచ్చి కూర్చుంటుంది. ఇదొక తప్పు. దీనికి విరుగుడు అనుకుని కొన్ని సంస్థలు రెండో తప్పు చేస్తాయి. పిల్ల ఫోటో, పేరు, ఊరు పెట్టి, కింద ఫలానా కులం అని రాస్తాయి. కులం గురించి ధైర్యంగా మాట్లాడామని అనుకుంటాయి. నిజానికి వ్యవస్థ మీద వేయాల్సిన చీటీని తెచ్చి పిల్ల నుదుటి మీద అంటించాయి. మా అభిప్రాయంలో ఈ సమస్య మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. అడ్డంకి గురించి చెప్పేటప్పుడు కులాన్ని పేరుపెట్టి చెప్పాలి. పిల్ల గురించి చెప్పేటప్పుడు ఆ పిల్ల ఏం చేస్తోందో చెప్పాలి. ఈ రెండింటినీ తారుమారు చేయకూడదు. చెప్పడం సులభమే గాని చేయడం ఎలా?

దాతకూ తల్లికీ ఒకే మాట చెప్పి నెగ్గిన సంస్థ మన దగ్గరే ఉంది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల మీద పని మొదలుపెట్టింది. అప్పటి పరిస్థితి గుర్తు చేసుకోవాలి. 1986 బాలకార్మిక చట్టం కొన్ని ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే పిల్లల్ని పెట్టుకోకూడదని చెప్పింది. పొలం పని, పశువులు కాయడం, ఇంట్లో చంటిపిల్లల్ని చూసుకోవడం, జీతగాడిగా ఉండడం చట్టం దృష్టిలో సమస్యే కాదు. పగలు పని చేసుకునే పిల్లలకు రాత్రిబడి పెడితే చాలని ప్రభుత్వాలూ, అంతర్జాతీయ సంస్థలూ అనుకునేవి. పేదవాళ్లకు పిల్లల కూలీ అవసరం, వాళ్లు బడికి పంపలేరు, కాబట్టి మధ్యేమార్గం వెతకాలి అన్నది అప్పటి వివేకం.

ఎం.వి. ఫౌండేషన్ దానికి ఎదురుగా ఒక వాక్యం పెట్టింది: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. పిల్లలందరూ పూర్తికాలం పగటి బడికే వెళ్లాలి, పిల్లలు చేసే ఏ పనైనా హానికరమే, దాన్ని సమర్థించే ఏ వాదననూ ఒప్పుకోం. వీటిని తమ రాజీలేని సూత్రాలుగా ప్రకటించుకుంది. బ్రాండు గురించి రాసే పుస్తకాల్లో ఈ సంస్థ పేరు కనపడకపోవచ్చు గాని, ఆ ఒక్క వాక్యం చేసిన పనిని వేరుగా విప్పి చూడాలి.

ఊళ్లో ఆ వాక్యం విన్న తల్లికి తన పిల్ల బడికి పోవాల్సిన పిల్లే అని తేలుతుంది. పేదవాళ్లకు చదువు మీద ఆశ లేదన్న నిందను అది మోయించదు. పైగా సంస్థ వాదనే అది: పేద తల్లిదండ్రులు పిల్లల్ని చదివించాలనే కోరుకుంటారు, బడే వాళ్లను లోపలికి రానివ్వడం లేదు. పిల్లను పనిలో పెట్టుకున్న ఆసామికి అదే వాక్యం హెచ్చరికలా వినపడుతుంది. బడి పంతులుకు రిజిస్టరులో పేరు ఎందుకు లేదన్న ప్రశ్నలా వినపడుతుంది. దాతకు ఎక్కడ పనిచేయాలో చెబుతుంది: ఈ ఊళ్లో బడి బయట ఎంతమంది ఉన్నారు, ఏడాది తిరిగేసరికి ఎంతమంది మిగిలారు అని లెక్కపెట్టొచ్చు. నలుగురికి నాలుగు రకాలుగా మార్చి చెప్పాల్సిన అవసరం లేదు. ఆ వాక్యంలో జాలికి చోటు లేదు, ఎవరి ఇంటి గుట్టూ బయటపడదు.

మాటకు తగ్గ పని కూడా ఉండాలి. పనిలోంచి వచ్చిన పెద్ద పిల్లల్ని నేరుగా ఒకటో తరగతిలో కూర్చోబెడితే చిన్నపిల్లల మధ్య సిగ్గుపడి పారిపోతారు. అందుకని శిబిరాలు పెట్టి, కొన్ని నెలలు అక్కడే ఉంచి చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. బ్రిడ్జి కోర్సు అన్న మాట అలా జనంలోకి వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టంలో వయసుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ అన్నవి చోటు చేసుకున్నాయి. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. దాతల అభిప్రాయానికి లొంగి తన వాక్యాన్ని మెత్తబరచుకుని ఉంటే ఆ సంస్థ ఇంకో రాత్రిబడి సంస్థగా మిగిలిపోయేది.

అయినా మాకొక అసంతృప్తి ఉంది. ఆ వాక్యంలో కులం లేదు. పాలమూరు, కర్నూలు పత్తి విత్తనాల చేలల్లో పూలు గుచ్చిన ఆడపిల్లల్లో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలే. ప్రతి బిడ్డా అన్నప్పుడు ఊరందరినీ ఒక తాటి మీదకు తేవచ్చు. అదే సమయంలో ఏ పిల్లలు ముందుగా పనిలోకి పోతున్నారన్నది ఆ 'ప్రతి'లో కలిసిపోతుంది. ఊరి ఐక్యత కోసం ఆ ధర చెల్లించారా, చెల్లించక తప్పలేదా అన్నది మేము ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

పేరు విషయంలో మన ఉద్యమానికి ఇంతకంటే పాత అనుభవమే ఉంది. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో జనం కూడారు. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించిన ఆ సభ, ఇతరులు పెట్టిన పంచమ అన్న పేరును వదిలేసి ఆది ఆంధ్ర అన్న పేరును తీసుకుంది. పిల్లలకు బడులు పెట్టినవాళ్లే ఆ పేరునూ మార్చారన్నది గుర్తుంచుకోవాలి. వందేళ్ల తర్వాత తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో అదే మరో రూపంలో జరిగింది. సోషల్ వెల్ఫేర్ హాస్టలు పిల్ల అంటే ఒకప్పుడు చులకన. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా ఉన్న కాలంలో, ఆ సోషల్ వెల్ఫేర్ అన్న మాటలోని తొలి అక్షరాలనే తీసుకుని, దానికి ఆకాశం అన్న అర్థం వచ్చే మాట కలిపి స్వేరో అన్నారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ పేరుకు ఒక రూపం వచ్చింది. ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ కాబట్టి దాతను మెప్పించాల్సిన బరువు దానికి లేదు, నిజమే. కానీ లోగో ఉన్న చొక్కాను పిల్లలు దాచుకోకుండా, సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు కూడా కావాలని తొడుక్కునే స్థితి సాధ్యమేనని అది చూపించింది. ధర్మం సంచికి ఇది సరిగ్గా ఎదురు.

ఇక పల్నాడు సంస్థ దగ్గరకు వద్దాం. గుడ్డ ముక్క సంగతి చెప్పినప్పుడు దాని డైరెక్టరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మీరే వచ్చి మా కాగితాలన్నీ చూడండి అన్నారు. మూడు రోజులు కూర్చున్నాం. మొదటి రోజు చేసిందల్లా ఆ ఏడాది సంస్థ బయటకు పంపిన ప్రతి రాతనూ గోడకు అంటించడం: బ్రోచరు, కంపెనీకి పంపిన ప్రతిపాదన, వాట్సాప్ పోస్టులు, కేంద్రం బోర్డు ఫోటో, బ్యాగు, ఫోటో అనుమతి పత్రం. ఒక్కొక్క దాని కింద ఇది ఎవరు చదవాలని రాశారు, నిజంగా ఎవరు చదువుతున్నారు అని రెండు మాటలు రాశాం. సాయంత్రానికి తేలిందేమిటంటే, తల్లిదండ్రులు చదవాలని రాసినది అందులో ఒక్కటే, ఫోటో అనుమతి పత్రం. అదీ ఇంగ్లీషులో ఉంది. వేలిముద్రలు మాత్రం అన్నీ పడి ఉన్నాయి.

రెండో రోజు దాతల కోసం రాసినవన్నీ తెలుగులో చెప్పుకుంటూ వాడలో చదివి వినిపించాం. తల్లులు పదిమంది దాకా, పెద్ద తరగతుల ఆడపిల్లలు, కేంద్రంలో చదువు చెప్పే ఊరి యువకులు ఇద్దరు కూర్చున్నారు. ఒక్కో వాక్యానికి మూడు జవాబుల్లో ఒకటి చెప్పమన్నాం: నిజం, నిజం కాదు, నిజమేగాని బయట చెప్పకూడనిది. మూడో గడి పెట్టాలన్న ఆలోచన మాది కాదు, అంతకుముందు రాత్రి ఆ యువకుల్లో ఒకరు చెప్పింది. మూడు రోజుల పనిలో బాగా ఉపయోగపడింది అదే.

ఒక ఫోటో కింద ఇలా ఉంది: తండ్రి తాగుబోతు, తల్లి కూలి, మా కేంద్రం లేకపోతే ఈ చిన్నారి బడి ముఖం చూసేది కాదు. ఆ తల్లి వెంటనే అంది: "తాగుతాడు, నిజమే. మా ఇంట్లో సంగతి హైదరాబాదోళ్లకి ఎందుకు చెప్పాలి?" కాసేపాగి, "ఇంకోటి మేడం. మీ సెంటరు రాకముందు కూడా నా పిల్ల బడికి పోతానే ఉంది," అంది. మొదటిది మూడో గడిలోకి వెళ్లింది. రెండోది పచ్చి అబద్ధం గడిలోకి వెళ్లింది. దాతను కదిలించడానికి రాసిన వాక్యంలో ఇంటి గుట్టు బయటపెట్టడమే కాదు, బిడ్డను బడికి పంపిన తల్లి కష్టాన్ని సంస్థ తన ఖాతాలో వేసుకుంది. నివేదికల్లో ఇలాంటివి కనిపెట్టడానికి ఒక గుర్తు ఉంది. 'మేము లేకపోతే' అన్న మాట వచ్చిన ప్రతి చోటా ఆగి, అంతకుముందు ఆ పని ఎవరు చేసేవాళ్లని అడగాలి. ఎవరో ఒకరు చేసే ఉంటారు.

మూడో రోజు తిరగరాశాం. ఒక్క పిల్ల కథ తీసేయలేదు. రోకియా ప్రయోగం చెప్పింది నిజమే కదా, ముఖం లేని కాగితం ఎవరినీ కదిలించదు. కొత్త రాత ఇలా వచ్చింది: ఈమె ఆరో తరగతి. లెక్కలంటే ఇష్టం, ఇంగ్లీషు అంటే భయం. మిరపకోతల రోజుల్లో అమ్మానాన్నలు చీకటి పడ్డాకే ఇంటికి వస్తారు. అంతవరకు కేంద్రంలో కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది, చిన్నవాళ్లకు ఎక్కాలు చెబుతుంది. దీనికి పక్కన, ఏ పిల్లకూ అంటకుండా వేరే పేరాలో: మేము పనిచేసే వాడల్లో ఎక్కువ కుటుంబాలు దళిత కుటుంబాలు. చాలామందికి సెంటు భూమి లేదు. కులాన్ని బట్టి భూమి, కులాన్ని బట్టి పని పంచిన ఊళ్లో ఈ పిల్లలకు ఇంట్లో చదువు చెప్పే తీరిక ఎవరికీ మిగల్లేదు. కేంద్రం ఆ తీరికను ఇస్తుంది. ఫోటోలో ముఖం ఉంది, పేరూ ఊరూ లేవు. అనుమతి పత్రం తెలుగులోకి వచ్చింది. ఫోటో ఎక్కడెక్కడ పెడతారు, ఎన్నాళ్లు ఉంచుతారు, వద్దంటే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో చేరాయి. సంతకం పెట్టకపోయినా కేంద్రంలో సీటు ఉంటుందన్న వాక్యం కూడా. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సమాచారం వాడాలంటే ధ్రువీకరించదగిన తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది కాబట్టి లాయరును ఒప్పించడం కష్టం కాలేదు. ఫోటో వద్దన్న తల్లులు నలుగురు తేలారు. ఇంతకుముందు వాళ్లు వేలిముద్ర వేసినవాళ్లే.

కంపెనీ దగ్గర మాత్రం అంత సాఫీగా సాగలేదు. ప్రతిపాదనలో కులం అన్న మాట చూసి, ఇది కాస్త రాజకీయంగా ఉంది, సామాజికంగా వెనుకబడిన అని మార్చండి అని రాశారు. ఆ డబ్బు ఆగితే కేంద్రాల్లో సగం మంది టీచర్లకు జీతాలు ఆగుతాయి. డైరెక్టరు మీద మేము తీర్పు చెప్పదలచుకోలేదు. వాళ్లు వెతికిన దారి ఇది: కంపెనీల చట్టం, 2013లో సీఎస్ఆర్ ఖర్చు దేనికి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో షెడ్యూల్డ్ కులాలు అన్న మాట ఉంది. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు ఎదుర్కొనే అసమానతలను తగ్గించడం అన్నదీ ఉంది. చట్టంలో ఉన్న మాటనే మేము వాడుతున్నాం అని జవాబు రాసి, దళిత అన్నచోట షెడ్యూల్డ్ కులాల కుటుంబాలు అని పెట్టారు. కంపెనీ ఒప్పుకుంది. దళిత అన్న మాటలో ఉన్న పోరాటం షెడ్యూల్డ్ అన్న మాటలో లేదన్నది మాకు తెలుసు. వాడలో చదివే కరపత్రంలో దళిత అనే ఉంచారు. పూర్తిగా ఒకే మాట చెప్పడం కుదరలేదన్నమాట. కానీ కంపెనీకి పంపిన కాగితం తెచ్చి వాడలో చదివినా ఎవరూ తల దించుకోవాల్సిన పనిలేదు. మేము పెట్టుకున్న కొలబద్ద అంతవరకే.

వ్యక్తిగతంగా నెలనెలా డబ్బు పంపే దాతల్లో కొందరు ఆగిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒక్కో పిల్లను 'దత్తత' తీసుకుని, ఆ పిల్ల ఉత్తరాలు, మార్కులు అందుకుంటూ వచ్చినవాళ్లు. ఆ పథకాన్ని తీసేసి ఒక కేంద్రానికి నెల ఖర్చు ఎంతవుతుందో విడగొట్టి చూపించారు: టీచరు జీతం ఇంత, అద్దె ఇంత, పుస్తకాలు ఇంత. కొత్తవాళ్లు చేరుతున్నారు, నెమ్మదిగా. పోయినంత వచ్చిందని చెప్పలేం. దత్తత పథకంలో ఉన్న ఒక అబ్బాయి, ఇక ఆ అమెరికా అంకుల్‌కి థాంక్స్ లెటర్ రాయక్కర్లేదా అని అడిగాడట. అక్కర్లేదంటే, ఆ టైములో క్రికెట్ ఆడుకోవచ్చా అన్నాడట.

సంస్థ దారి తప్పుతోందని పసిగట్టడానికి వాడలో కొన్ని ఆనవాళ్లున్నాయని ఆ మూడు రోజుల్లో మాకు అర్థమైంది. బయటివాళ్లు వచ్చినప్పుడు పిల్లలంతా ఒకే వాక్యాన్ని ఒకే రాగంలో అప్పజెబుతుంటే, వాళ్లకు ఎవరో నేర్పారు. వాడలోనే కాస్త కుదురుకున్న ఇళ్లు, అంగన్‌వాడీ టీచరో ఆర్టీసీ కండక్టరో ఉన్న ఇళ్లు, పిల్లల్ని కేంద్రానికి పంపకపోతే, చదువు బాగోలేదని కాకపోవచ్చు. బోర్డు మీద రాతే అడ్డం అయ్యుండొచ్చు. ఇక్కడ అదే జరిగింది. బోర్డు మీద నిరుపేద బాలల ఉచిత విద్యాకేంద్రం అని ఉండేది. ఇప్పుడు సావిత్రిబాయి ఫూలే సాయంత్రం బడి అని ఉంది. పేరు ఎంచింది పెద్ద తరగతుల ఆడపిల్లలు. ఒక కండక్టరు గారి పిల్లలిద్దరూ ఆ తర్వాతి వారమే వచ్చి కూర్చున్నారని విన్నాం.

బ్యాగుల సంగతి ఇంకా తేలలేదు. జూన్‌లో ఇవ్వాల్సిన కొత్త బ్యాగుకు సంస్థ ఒక నమూనా కుట్టించింది. బయట పిల్ల పేరు రాసుకోవడానికి చిన్న పారదర్శక జేబు, లోగో మాత్రం మూత తెరిస్తే లోపల. కంపెనీ నుంచి జవాబు వచ్చింది: నమూనా బాగుంది, కాకపోతే లోగో బయటి వైపు కనీసం నాలుగు అంగుళాల వెడల్పుతో ఉండాలి. ఆ మెయిలును డైరెక్టరు మాకూ పంపారు. ఇది రాసే సమయానికి ఆమె దానికి ఇంకా బదులు రాయలేదు.